జాబ్ పోయిన ఫ్రెండ్‌కి ఫస్ట్ మెసేజ్ ఏం పెట్టాలి? జాలి పడుతున్నట్టు ఉండకూడదు

కృష్ణలంక కుర్రాడు
మా బ్యాచ్‌లో ఒకడున్నాడు, ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ ఒకే రూమ్. ఇప్పుడు ఇద్దరం హైదరాబాద్‌లోనే, వాడు నిజాంపేట్, నేను మణికొండ. మొన్న బుధవారం వాడిని కంపెనీ తీసేసింది. పొద్దున 10కి మేనేజర్ కాల్ అంట, 11 అయ్యేసరికి లాప్‌టాప్ లాక్, టీమ్ గ్రూప్‌లోంచి కూడా తీసేశారు. ఇదంతా వాడు చెప్పలేదు, అదే కంపెనీలో ఉన్న ఇంకో క్లాస్‌మేట్ చెప్పాడు. రెండ్రోజుల నుంచి టైప్ చేయడం డిలీట్ చేయడం ఇదే పని. ఇదిగో ఇప్పటికి మిగిలిన డ్రాఫ్ట్:

"మామా విషయం విన్నా, చాలా బాధేసింది రా. నీలాంటోడికి ఇలా జరగాల్సింది కాదు. ధైర్యంగా ఉండు, ఇంతకంటే మంచిది వస్తది. ఏ అవసరం ఉన్నా మొహమాటపడకుండా ఫోన్ చెయ్."

చదువుతుంటే నాకే ఏదోలా ఉంది కానీ ఎక్కడ తేడా కొడుతుందో తెలీట్లేదు. వాడు కొంచెం అభిమానం ఎక్కువున్న మనిషి, జాలి పడ్డారంటే ఫోన్ ఎత్తడం మానేస్తాడు. చెప్పండి.

జావా జానీ
ఏ స్టాక్ బ్రో? ఎన్నేళ్ళ ఎక్స్‌పీరియన్స్? మా దగ్గర స్ప్రింగ్ బూట్ వాళ్ళకి ఓపెనింగ్స్ ఉన్నాయి, రెజ్యూమ్ పంపమను, రిఫర్ చేస్తా. నోటీస్ పీరియడ్ లేదు కాబట్టి ఇమ్మీడియట్ జాయినర్ అని పైన పెద్దగా రాయమను.

కృష్ణలంక కుర్రాడు
థాంక్స్ బ్రో, కానీ నేనింకా వాడికి హాయ్ కూడా చెప్పలేదు. ముందు అది.

పాత హెచ్ఆర్
నేను పన్నెండేళ్ళు హెచ్ఆర్‌లో చేశా, ఇలాంటి కాల్స్‌లో అవతలి వైపు కూర్చున్నా, తర్వాత ఒకరోజు నన్నూ అలాగే పిలిచారు, కాబట్టి రెండు పక్కలా చూసినదాన్ని.

నీ డ్రాఫ్ట్‌లో ప్రతి ముక్కా ప్రేమతో రాసిందే, కానీ ప్రతి ముక్కా అతని నెత్తిన ఒక పని పెడుతోంది. "చాలా బాధేసింది" అన్నావనుకో, ఇప్పుడతను "పర్లేదు లేరా" అని నిన్ను ఓదార్చాలి. "నీలాంటోడికి" అంటే పోవాల్సిన వాళ్ళు వేరే ఉన్నారన్నట్టు, అతని టీమ్‌లో అదే రోజు ఇంకో నలుగురు పోయుంటారు. "ధైర్యంగా ఉండు" అంటే ఇక నీ ముందు దిగులుగా ఉండే వీల్లేదు. అన్నిటికంటే బరువైంది చివరిది. ఏ అవసరం ఉన్నా ఫోన్ చెయ్ అంటే అవసరం ఏంటో అతనే ఆలోచించుకోవాలి, ఎప్పుడు అడగాలో అతనే చూసుకోవాలి, సిగ్గు చంపుకొని డయల్ చేయాల్సిందీ అతనే. ఎవడూ చేయడు. నేనూ చేయలేదు, నాకలాంటివి ఫోన్ నిండా వచ్చాయి.

పనికొచ్చే మెసేజ్‌లో మూడు విషయాలుంటే చాలు. నీకెలా తెలిసిందో ఒక్క లైను. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎక్కడికి వస్తున్నావో. వద్దనడానికి ఈజీ దారి. ప్రశ్న మాత్రం ఒక్కటి కూడా వద్దు. ఎలా ఉన్నావ్ అని కూడా వద్దు, ఆ రోజు దానికి నిజం చెప్పలేరు, అబద్ధం చెప్పే ఓపికా ఉండదు.

మియాపూర్ మెట్రో
అక్కా ఒక్కటి ఒప్పుకోను. అసలు జాబ్ ఊసే ఎత్తకూడదు. మామూలుగా "ఏరా మ్యాచ్ చూశావా" అని మొదలెట్టాలి. వాడే చెప్తే చెప్తాడు, లేదంటే లేదు. నేనైతే అలాగే చేస్తా, మగాళ్ళ మధ్య అదే వర్కవుట్ అవుద్ది.

పాత హెచ్ఆర్
సగం కరెక్టే తమ్ముడూ. మామూలుగా ఉండడం మంచిదే. కానీ నువ్వు మ్యాచ్ గురించి పెడితే అతను మొత్తం చాట్ వీడికి తెలుసా తెలీదా, తెలిసే నటిస్తున్నాడా అని ఆలోచిస్తూ కూర్చుంటాడు. తెలీదనుకుంటే మళ్ళీ కథంతా మొదట్నుంచి చెప్పాలి, అప్పటికే ఆ కథ ఇంట్లో, అత్తగారింట్లో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఉంటుంది. ఒక్కసారి "తెలిసింది" అనేస్తే ఆ బరువు దిగిపోతుంది, తర్వాత కావాలంటే పొద్దస్తమానం మ్యాచే మాట్లాడుకోండి.

వరంగల్ పోరడు
మా దోస్తుగానికి పోయినప్పుడు నేను ఏం మెసేజ్ పెట్టలే అన్నా, సీదా బండేస్కొని వాళ్ళింటికి వోయిన. చాయ్ తాగుదాం పా అన్న. వచ్చిండు. గంతే. మెసేజ్ కోసం గింత చర్చ ఏందో నాకైతే సమజ్ కాలే.

వంటింటి కోడర్
మీకు కుదిరింది కాబట్టి సరే, కానీ చెప్పకుండా ఇంటికి పోవడం చాలా డేంజర్. నన్ను తీసేసిన వారంలో మా ఇంటికి రోజూ ఎవరో ఒకరు వచ్చారు, యాపిల్సు, బత్తాయిలు పట్టుకొని. అచ్చం పరామర్శే. సోఫాలో కూర్చొని గొంతు తగ్గించి "ఎలా జరిగిందమ్మా" అని అడగడం, నేను లోపలికెళ్ళి టీ పెట్టి తెచ్చివ్వడం. జాబ్ పోయింది నాది, టీలు పెట్టిందీ నేనే.

ఇంకోటి, ఆడవాళ్ళ విషయంలో జాలి కూడా పూర్తిగా దక్కదు. "పోనీలే, మీ ఆయనకి ఉందిగా, పిల్లల్ని చూసుకోవచ్చు" అంటారు. తొమ్మిదేళ్ళు చేసిన పని గురించి అంత తేలిగ్గా తేల్చేస్తారు. ఆ నెలలో నాకు నచ్చిన మెసేజ్ ఒకే ఒక్కటి, మా పాత టీమ్ లీడ్ పెట్టింది: "నీ పేరు లిస్ట్‌లో చూశా. గురువారం 4కి మీ గేట్ దగ్గర పార్క్‌లో వాకింగ్‌కి వస్తున్నా, దిగితే దిగు, లేకపోతే నేనొక్కదాన్నే రెండు రౌండ్లు కొట్టి వెళ్ళిపోతా." నేను దిగలేదు. బాల్కనీలోంచి చూశా, నిజంగానే నడిచి వెళ్ళింది. తర్వాతి గురువారం మళ్ళీ అదే టైమ్. అప్పుడు దిగా.

కృష్ణలంక కుర్రాడు
ఈ "లేకపోతే నేనొక్కదాన్నే" అన్నది బాగుంది. రాకపోయినా అవతలి మనిషి టైమ్ వేస్టయిందన్న ఫీలింగ్ ఉండదు.

పాత హెచ్ఆర్
అదే కీలకం. నువ్వెలాగూ చేసే పనిలోకి అతన్ని పిలువు, అతని కోసం ప్రత్యేకంగా ఒక పని పుట్టించొద్దు. "నీకోసం లీవ్ పెట్టా" అన్నావంటే మళ్ళీ రుణం.

ఇంకో ముఖ్యమైన సంగతి, అతని ఇంట్లో తెలుసా? నా కాల్స్ అయ్యాక కొందరు నెల రోజులు రోజూ టిఫిన్ బాక్స్ పట్టుకొని బయల్దేరి మాల్‌లోనో లైబ్రరీలోనో కూర్చొని సాయంత్రం ఇంటికెళ్ళిన వాళ్ళున్నారు. అందుకే లాండ్‌లైన్‌కో, భార్య నంబర్‌కో చేయకు, ఇంటి బెల్ కొట్టకు. మెసేజ్ కూడా లాక్ స్క్రీన్ మీద మొదటి లైనే కనిపిస్తుంది, అందులో జాబ్ అనే మాట పడకుండా చూసుకో. పిల్లాడి చేతిలో ఫోనుంటే అక్కడే చదివేస్తాడు.

కృష్ణలంక కుర్రాడు
ఇది నాకసలు తట్టనే లేదు. వాళ్ళావిడకి తెలిసే ఉంటుంది, కానీ వాళ్ళ నాన్న ఊర్నుంచి వచ్చి ఉన్నారు, కంటి ఆపరేషన్ కోసం. ఆయనకి చెప్పి ఉండడు.

సోషియాలజీ లెక్చరర్
కొంచెం పక్కకెళ్తున్నా, ఓపిక పట్టండి. ఆస్ట్రియాలో మారియెంతాల్ అని ఒక ఊరు. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది, 1929-30 ప్రాంతంలో అది మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్ వాళ్ళ టీమ్ అక్కడికెళ్ళి జనం ఎలా బతుకుతున్నారో దగ్గరుండి చూసి 1933లో అచ్చేశారు. మా పిల్లలకి క్లాసులో చెప్పినప్పుడల్లా ఆశ్చర్యపోయేది ఒకటుంది. చేతినిండా ఖాళీ ఉంది కదా, జనం ఎక్కువ చదువుతారనుకుంటాం, కానీ ఊరి లైబ్రరీలో పుస్తకాలు తీసుకోవడం బాగా తగ్గిపోయింది. పరిశోధకులు ఒక కిటికీ చాటున నిలబడి వీధిలో నడిచే వాళ్ళ వేగం కూడా కొలిచారు. మగవాళ్ళు నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగుతూ నడిచారు. ఆడవాళ్ళు ఇంటి పని ఉంది కాబట్టి చకచకా వెళ్ళారు. రోజంతా ఏం చేశావని అడిగితే మగవాళ్ళలో చాలామందికి చెప్పడానికేం గుర్తుండేది కాదు.

జీతంతో పాటు పోయేవాటిలో రోజుకి ఉండే ఆకారం ఒకటి అని యహోదా తర్వాత రాసింది. ఎవరో నా కోసం 10 గంటలకి ఎదురుచూస్తున్నారన్నది పోతుంది. అందుకే పైన అక్క చెప్పిన "ఏ రోజు, ఎన్ని గంటలకి" అన్నది నాకు బాగా నచ్చింది. "ఎప్పుడైనా కలుద్దాం" అన్న మాటకి టైమ్ లేదు, అతని దగ్గరిప్పుడు లేనిదే అది. ఆ ఊరి కథ ఊరు మొత్తానిది, హైదరాబాద్‌లో ఒక్కడికి పోతే పక్క ఫ్లాట్ వాళ్ళందరూ ఆఫీసుకెళ్తుంటారు, అది ఇంకో రకం ఒంటరితనం, కాబట్టి రెండూ ఒకటేనని నేననను.

మియాపూర్ మెట్రో
మాస్టారూ 1930 దాకా వెళ్ళాలా ఒక వాట్సాప్ మెసేజ్ కోసం 😄 కానీ టైమ్ పాయింట్ ఒప్పుకుంటా. మా బ్రదర్‌కి పోయినప్పుడు సాయంత్రాలు బాగానే ఉండేవాడు, అందరూ ఇంట్లో ఉంటారు కదా. పొద్దున 11 నుంచి 3 దాకా అసలు కష్టం. అప్పుడే ఎవరూ ఉండరు.

డాలస్ బాబాయ్
ఇక్కడి కథ వేరే, అది కూడా చెప్తా. మా వాడొకడికి జాబ్ పోయిన వారం నేను పెట్టిన మెసేజ్ "టీకి రా" అనే. వచ్చాడు, కానీ టీ తాగుతూ వాచీ చూసుకుంటున్నాడు. హెచ్1బి వీసా మీద ఉంటే ఉద్యోగం ఆగిన దగ్గర్నుంచి ఇక్కడ ఉండనిచ్చేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు, ఐ-94 కాగితంలో ఉన్న గడువు అంతకంటే ముందు అయిపోతే అప్పటికే సరి. ఈలోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా సర్దుకోవాలి. వాడికి సాయంత్రం పార్కులో నడక లగ్జరీ. కాబట్టి ఇక్కడ తోడు అంటే పక్కన కూర్చొని పని చేయడమే. ఆ తర్వాత నేను పెట్టింది ఇదీ: "శనివారం 9కి లైబ్రరీలో స్టడీ రూమ్ బుక్ చేసుకున్నా, నా ట్యాక్స్ పేపర్లు చూసుకోవాలి, రెండో కుర్చీ ఖాళీ. నీ అప్లికేషన్లు అక్కడ చేసుకో." మూడు గంటలు ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. వెళ్తూ వెళ్తూ వచ్చే శనివారం కూడానా అనడిగాడు.

వీసా ఏమవుద్ది అని మాత్రం మొదటి మెసేజ్‌లో ఎవరూ అడగొద్దు బాబూ. ఆ రోజులు వాడు నీకంటే బాగా లెక్కపెట్టుకుంటున్నాడు.

వరంగల్ పోరడు
బాబాయ్ మంచిగ చెప్పిండు. అంటే మనిషిని బట్టి, గడువును బట్టి. నేను ఒకటి అడుగుత, పైసల సంగతి? మా దోస్తుగానికి నేను ఆ చాయ్ కాడనే 20 వేలు చేతిల వెట్టిన. తీసుకున్నడు గని ఆరునెల్లు నాకు కనవడలే.

పాత హెచ్ఆర్
మొదటి కలయికలో డబ్బు తీయకు అంటాను నేను. ఇచ్చేవాడికి మంచి మనసే ఉంటుంది, తీసుకున్నవాడికి తర్వాత నీ ఫోన్ వస్తే స్నేహితుడిలా కాదు, అప్పులవాడిలా కనిపిస్తావు.

వంటింటి కోడర్
ఏమో అక్కా, నేనలా అనుకోను. ఈఎంఐ తేదీ దగ్గరికొచ్చినప్పుడు టీ కంటే డబ్బే తోడు. ఇచ్చే పద్ధతిలో తేడా ఉంటుందేమో కానీ అసలు తీయొద్దనడం ఉన్నవాళ్ళ మాట.

పాత హెచ్ఆర్
ఉండొచ్చు. నేను మొదటి మెసేజ్ వరకే అంటున్నా. నాలుగోసారి కలిసినప్పుడు అతనే ఈఎంఐ గురించి ఎత్తితే అది వేరే.

కృష్ణలంక కుర్రాడు
సరే, ఇప్పుడు ఇలా రాశా. శుక్రవారం నాకు వర్క్ ఫ్రమ్ హోమ్, 11కల్లా మీటింగ్ అయిపోతుంది, ఆ తర్వాత 1 దాకా ఖాళీ. కూకట్‌పల్లిలో బండి సర్వీసింగ్‌కి ఇవ్వాలి, ఇది నిజంగానే నెల నుంచి వాయిదా పడుతోంది.

"మామా, శ్రీను చెప్పాడు, తెలిసింది. శుక్రవారం 11:30కి కూకట్‌పల్లిలో బండి సర్వీసింగ్‌కి ఇస్తున్నా, గంటన్నర అక్కడే వెయిట్ చేయాలి, పక్కన టీ కొట్టు ఉంది. వస్తే కూర్చుందాం. అన్నీ మాట్లాడాల్సిన పన్లేదు, ఏమీ మాట్లాడకపోయినా ఓకే. కుదరకపోతే రిప్లై కూడా అక్కర్లేదు."

పాత హెచ్ఆర్
చాలా బాగుంది. రెండు మార్పులు. "అన్నీ మాట్లాడాల్సిన పన్లేదు, ఏమీ మాట్లాడకపోయినా ఓకే" ఇది తీసెయ్, చదివితే అతని పరిస్థితి ఎంత దారుణంగా ఉందోనని నువ్వు ఊహించుకుంటున్నట్టు ఉంది. రెండోది, లాక్ స్క్రీన్ గుర్తుందిగా, "శ్రీను చెప్పాడు, తెలిసింది" అనేది చివరికి తీసుకెళ్ళు. శ్రీను పేరు ఉంచడం మంచిదే, లేకపోతే ఇంకెంతమందికి తెలుసో అని రాత్రంతా లెక్కేసుకుంటాడు. శ్రీనుకి ముందు ఒక మాట చెప్పు మరి.

మియాపూర్ మెట్రో
"కుదరకపోతే రిప్లై అక్కర్లేదు" అంటే వాడు రిప్లై ఇవ్వకపోతే వస్తున్నాడో లేదో నీకెలా తెలుస్తుంది బ్రో?

కృష్ణలంక కుర్రాడు
తెలీదు. నేనెలాగూ అక్కడే ఉంటా కదా.

పంపేశా. ఫైనల్‌గా వెళ్ళింది ఇది: "మామా శుక్రవారం 11:30కి కూకట్‌పల్లిలో బండి సర్వీసింగ్‌కి ఇస్తున్నా, గంటన్నర వెయిటింగ్. పక్కన టీ కొట్టులో ఉంటా, వస్తే కూర్చుందాం. కుదరకపోతే రిప్లై అక్కర్లేదు. శ్రీను చెప్పాడు, నాకు తెలుసు."

కృష్ణలంక కుర్రాడు
అప్డేట్. బ్లూ టిక్ పడింది, రిప్లై లేదు. శుక్రవారం వెళ్ళి కూర్చున్నా. 12:15 దాటాక వచ్చాడు, షేవింగ్ చేసుకొని, ఐడీ కార్డ్ తాడు లేకుండా ఆఫీస్ బ్యాగ్ తగిలించుకొని. పైన అక్క చెప్పింది కరెక్టే, ఇంట్లో నాన్నకి తెలీదంట. నేనేం అడగలేదు. బండి గురించి, మా హాస్టల్ వార్డెన్ గురించి మాట్లాడుకున్నాం. రెండో టీకి వాడే మొదలెట్టాడు. జాబ్ గురించి కాదు, నాన్న ఆపరేషన్ గురించి. కంపెనీ ఇన్సూరెన్స్‌లోనే పెట్టారంట, ఒక కన్ను అయింది, రెండోది వచ్చే నెల, ఇప్పుడు కవర్ ఉందో లేదో తెలీదు, హెచ్ఆర్‌కి మెయిల్ పెడదామంటే మెయిల్ ఐడీనే లేదు. దీని గురించి ఎవరైనా చెప్పగలరా?

పాత హెచ్ఆర్
గ్రూప్ పాలసీ మామూలుగా ఉద్యోగం ఆఖరి తేదీతో ఆగిపోతుంది, కొన్ని కంపెనీలు సెవరెన్స్‌లో భాగంగా కొన్నాళ్ళు పొడిగిస్తాయి. ఆ తేదీ మామూలుగా అతనికిచ్చిన సెపరేషన్ లెటర్‌లో ఉంటుంది. పర్సనల్ మెయిల్ నుంచి రాయొచ్చు, ఎంప్లాయీ నంబర్ వేస్తే చాలు. అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుందా, నాన్నగారికి ఏ షరతులతో ఇస్తారు అని కవర్ ఆఖరి తేదీకి ముందే అడగమను, తర్వాత కష్టం. ఆ మెయిల్ రాసేటప్పుడు పక్కన కూర్చో, నువ్వు రాయకు, అతనే రాయాలి.

కృష్ణలంక కుర్రాడు
వచ్చే శుక్రవారం అదే టీ కొట్టు అనుకున్నాం, లాప్‌టాప్ తెస్తానన్నాడు, వాళ్ళావిడదంట. ఒక డౌట్. మా బ్యాచ్ వాళ్ళు పదిమంది ఆదివారం వాడి కోసం గెట్ టుగెదర్ పెడదామంటున్నారు, "వాడికి మనమంతా ఉన్నామని తెలియాలి" అని. వద్దని ఎలా చెప్పాలి?

వంటింటి కోడర్
పదిమందా! పదిసార్లు కథ చెప్పించడానికా?

వరంగల్ పోరడు
నేనైతే పెట్టమంట. గని వాని కోసమని చెప్పొద్దు, ఎవలదన్న పుట్టినరోజు ఉన్నదేమో చూడుండ్రి. జర నవ్వుకుంటడు పోరడు.

మియాపూర్ మెట్రో
పుట్టినరోజు అంటే గిఫ్ట్, షేరింగ్, బిల్లు. తలా 800 వేసుకుందామని ఎవడో ఒకడు గ్రూప్‌లో క్యూఆర్ కోడ్ పెడతాడు, వాడికి అప్పుడుంటది.

కృష్ణలంక కుర్రాడు
అదే నా భయం కూడా. శుక్రవారం వాడినే అడుగుతా, ఎవరెవరికి తెలియడం వాడికి ఓకేనో. అప్పటిదాకా గ్రూప్‌ని ఆపుతా.

జావా జానీ
ఇంతకీ ఏ స్టాక్ అన్నావ్?